సోలినాయిడ్‌కి షీల్డ్ వేసినా ఎలక్ట్రాన్ పట్టీలు ఎందుకు జరుగుతాయి?

ప్రశ్న: సార్, ఎం.ఎస్సీ. ఫిజిక్స్ సెమినార్‌కి అహరోనోవ్–బోమ్ టాపిక్ తీసుకున్నా. సోలినాయిడ్ అనే తీగచుట్ట బయట అయస్కాంత క్షేత్రం B సున్నా అయినా ఎలక్ట్రాన్ వ్యతికరణ పట్టీలు పక్కకి జరుగుతాయంటున్నారు. కొంచెం క్షేత్రం బయటికి లీకవుతోందేమో అని నా అనుమానం. షీల్డ్ వేసి చూశారా? చూసి ఉంటే వెక్టర్ పొటెన్షియల్ A నిజమైన వస్తువని రుజువైనట్టేనా? గేజ్, అంటే అదే B కి A ని రాసే పద్ధతి, మారిస్తే A మారిపోతుంది కదా, మరి అది నిజం ఎలా అవుతుంది?

సమాధానం:

మీ అనుమానం చిన్నదేమీ కాదు. 1959లో అహరోనోవ్, బోమ్ ఆ పేపర్ రాశాక సుమారు పాతికేళ్ల పాటు భౌతికవేత్తలు కొట్టుకున్నది ముఖ్యంగా ఈ లీకేజీ మీదే. (పదేళ్ల ముందే, 1949లో, ఎహ్రెన్‌బెర్గ్, సిడే అనే ఇద్దరు ఎలక్ట్రాన్ ఆప్టిక్స్ గురించి రాస్తూ ఇదే ఫలితాన్ని చెప్పారు. అప్పుడు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మీ సెమినార్‌లో వాళ్ల పేర్లు కూడా చెప్పండి.)

ముందు సైజులు చూద్దాం. సోలినాయిడ్‌కి కుడిపక్క నుంచి ఒక కిరణం, ఎడమపక్క నుంచి ఒక కిరణం వెళ్లి మళ్లీ కలిస్తే, వాటి మధ్య అదనంగా వచ్చే ఫేజ్ తేడా ఇది:

Δφ = eΦ/ħ

e ఎలక్ట్రాన్ ఆవేశం, h ప్లాంక్ స్థిరాంకం, ħ అంటే h/2π. Φ అంటే రెండు దారుల మధ్య ఇరుక్కున్న మొత్తం అయస్కాంత అభివాహం, మనం మామూలుగా ఫ్లక్స్ అనేది. ఈ Φ h/e అయితే, అంటే 4.14 × 10⁻¹⁵ వెబర్ అయితే, పట్టీలు సరిగ్గా ఒక పట్టీ దూరం జరుగుతాయి. ఈ సంఖ్య ఎంత చిన్నదో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. 10 మైక్రాన్ల వ్యాసం ఉన్న తీగచుట్ట తీసుకోండి. దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 7.9 × 10⁻¹¹ చదరపు మీటర్లు. ఒక పూర్తి పట్టీ జరగడానికి లోపల కావలసిన క్షేత్రం 5.3 × 10⁻⁵ టెస్లా. ఇది దాదాపు భూమి అయస్కాంత క్షేత్రమంత! మిల్లీమీటరుకి 100 చుట్లు ఉంటే 0.42 మిల్లీఆంపియర్ చాలు. ఇంత తక్కువతో పట్టీలు కదులుతాయంటే, ఇంతకంటే తక్కువ లీకేజీ కూడా ప్రయోగాన్ని తప్పుదారి పట్టించగలదు. కాబట్టి "కొంచెం లీకైతే ఏమవుతుందిలే" అనడానికి ఇక్కడ వీల్లేదు.

ఫార్ములాలో ఏది లేదో కూడా గమనించండి. ఎలక్ట్రాన్ వేగం లేదు, కిరణం సోలినాయిడ్‌కి ఎంత దూరంలో వెళ్లిందన్నదీ లేదు. ఈ రెండూ కింద మళ్లీ అవసరమవుతాయి.

ఇక, మామూలు బలానికీ ఈ ఫేజ్‌కీ స్క్రీన్ మీద కనిపించే తేడా. పుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. వ్యతికరణ చిత్రంలో రెండు విషయాలుంటాయి. ఒకటి సన్నటి పట్టీల వరస. రెండోది ఆ వరస మొత్తాన్ని కప్పి ఉండే వెలుగు ఆకారం, అంటే మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉండే ఎన్వలప్. క్షేత్రం నిజంగా ఎలక్ట్రాన్లని తాకి పక్కకి నెడితే రెండూ కలిసి జరుగుతాయి. అహరోనోవ్–బోమ్ ఫేజ్ అయితే ఎన్వలప్ కదలదు, దాని లోపల పట్టీలు మాత్రం జారతాయి. ఒక పట్టీ దూరం జారితే మళ్లీ మొదటి చిత్రమే కనిపిస్తుంది. అంటే ఈ ప్రయోగం Φ కీ, Φ + h/e కీ తేడా చెప్పలేదు. ఇది గుర్తుంచుకోండి, చివర్లో A గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

మొదటి ప్రయోగాల్లో ఏం తేలలేదు

1960లో బ్రిస్టల్‌లో ఛాంబర్స్ చేసిన ప్రయోగంలో సోలినాయిడ్ బదులు ఒక మైక్రాన్ మందం ఉన్న ఇనుప విస్కర్, అంటే వెంట్రుక కంటే సన్నటి స్ఫటికపు పోగు, వాడారు. ఇనుము పూర్తిగా అయస్కాంతీకరించబడితే సుమారు 2.1 టెస్లా. ఒక మైక్రాన్ వ్యాసంలో దాని ఫ్లక్స్ లెక్కేస్తే h/e కి 400 రెట్లు వస్తుంది. చిక్కు ఎక్కడుందంటే, ఆ పోగు ఒక చివర నుంచి ఇంకో చివరకి సన్నబడుతూ ఉంటుంది. ఒక మైక్రాన్ పొడవులో వ్యాసం వెయ్యో వంతు తగ్గిందనుకుందాం. ఫ్లక్స్ వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వెయ్యికి రెండు వంతులు తగ్గుతుంది. 400లో అది 0.8, అంటే ప్రతి మైక్రాన్‌కి దాదాపు ఒక పట్టీ. ఛాంబర్స్ పట్టీలు పోగు పొడవునా ఏటవాలుగా వంగి కనిపించడానికి కారణం ఇదే.

అందంగా ఉంది కదా? కానీ తగ్గిన ఆ ఫ్లక్స్ ఎక్కడికి పోయింది? మాయమవదు, పోగు పక్కల నుంచి బయటికి వచ్చేస్తుంది. అంటే ఎలక్ట్రాన్లు తిరిగే చోట క్షేత్రం ఉన్నట్టే! ఆ ఏటవాలుని "A వల్ల" అని చెప్పినా, "లీకైన B నెట్టడం వల్ల" అని చెప్పినా లెక్క కుదురుతుంది. కాబట్టి మీ అనుమానాన్ని ఆ ప్రయోగం తీర్చలేదు.

తర్వాత 1962లో ట్యూబింగెన్‌లో మోలెన్‌స్టెట్, బాయ్ నిజంగానే సూక్ష్మమైన తీగచుట్ట చుట్టి, కరెంటు పెంచుతూ, ఫిల్మ్‌ని సన్నటి చీలిక వెనక కదుపుతూ ఫొటో తీశారు. అందులో పట్టీలు ఎన్వలప్ లోపల పక్కకి నడుచుకుంటూ పోవడం కనిపిస్తుంది. చాలా గొప్ప చేతిపని. అయినా విమర్శకులు ఊరుకోలేదు, వాళ్ల మాటలో న్యాయం కూడా ఉంది. పొడవుకి హద్దున్న ఏ సోలినాయిడ్‌కైనా ఒక చివర నుంచి బయటికి వచ్చిన క్షేత్రరేఖలు చుట్టూ తిరిగి రెండో చివరకి చేరాలి. "అనంతమైన సోలినాయిడ్" పుస్తకంలోనే దొరుకుతుంది. 1980లో మన టి.ఐ.ఎఫ్.ఆర్.కి చెందిన ఎస్.ఎం. రాయ్ రాసిన పేపర్ కూడా ఈ పాయింట్ మీదే. అప్పటిదాకా జరిగిన ప్రయోగాల్లో ఎలక్ట్రాన్లకి అందుబాటులో ఉన్న క్షేత్రంతోనే ఫలితాన్ని వివరించొచ్చని ఆయన వాదించారు.

షీల్డ్ వేయడం అంత తేలిక కాదు

ఇక్కడ చాలామంది, ఒకప్పుడు నేను కూడా, ఒక తప్పు చేస్తారు. "సోలినాయిడ్ చుట్టూ మ్యూ-మెటల్ గొట్టం తొడిగితే సరిపోతుంది కదా" అనుకుంటారు. సరిపోదు. మ్యూ-మెటల్ క్షేత్రాన్ని ఆపే గోడలా పనిచేయదు, తనలోకి లాక్కుని దారి మళ్లిస్తుంది. సోలినాయిడ్ లోపల పైకి వెళ్లిన ఫ్లక్స్ ఆ గొట్టం గోడలోంచి కిందికి తిరిగి వస్తుంది. బయట క్షేత్రం నిజంగానే దాదాపు పోతుంది. కానీ ఎలక్ట్రాన్ల రెండు దారుల మధ్య ఇప్పుడు సోలినాయిడూ ఉంది, గొట్టం గోడా ఉంది. పైకి వెళ్లింది, కిందికి వచ్చింది కలిపితే మొత్తం Φ దాదాపు సున్నా. పట్టీలు జరగవు! అప్పుడు "షీల్డ్ వేస్తే ఎఫెక్ట్ పోయింది, కాబట్టి అంతా లీకేజీయే" అని తేల్చేస్తే పెద్ద పొరపాటు. షీల్డ్ లీకేజీతో పాటు కొలవాల్సిన ఫ్లక్స్‌ని కూడా తీసేసింది, అంతే.

సరే, అతివాహకం గొట్టం తొడిగితే? అందులోనూ ఒక మెలిక ఉంది. గొట్టాన్ని ముందే చల్లబరచి, ఆ తర్వాత సోలినాయిడ్‌కి కరెంటు ఇచ్చారనుకోండి. గొట్టం లోపలి ఉపరితలం మీద కరెంటు పుట్టి, మొత్తం ఫ్లక్స్ మొదట ఎంత ఉందో అంతే, అంటే సున్నాగానే, ఉంచుతుంది. మళ్లీ పట్టీలు జరగవు. క్రమం తిప్పి, ముందు ఫ్లక్స్ పెట్టి ఆ తర్వాత చల్లబరిస్తేనే ఫ్లక్స్ లోపల చిక్కుకుంటుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న చిన్న విషయం మీద ఫలితం మొత్తం తారుమారవుతుంది.

ఈ తలనొప్పులన్నిటినీ తప్పించుకునే ఉపాయం సోలినాయిడ్ రెండు చివరలనీ వంచి కలిపేయడం. గారె ఆకారంలో వలయం వస్తుంది. ఫ్లక్స్ లోపల్లోపలే గుండ్రంగా తిరుగుతుంది, చివరలే ఉండవు, తిరుగు రేఖలూ ఉండవు. ఒక కిరణం గారె చిల్లులోంచి, ఇంకోటి గారె బయట నుంచి వెళ్తే రెండు దారుల మధ్య గారె ఒక పక్క అడ్డుకోత మాత్రమే ఉంటుంది. దాని ఫ్లక్స్ మొత్తం లెక్కలోకి వస్తుంది.

1986 నాటి ప్రయోగం

హిటాచీ పరిశోధనశాలలో అకిరా తొనొమురా బృందం చేసింది ఇదే. 1982లో మొదట పెర్మల్లాయ్ వలయంతో చూశారు. పెర్మల్లాయ్ అంటే నికెల్–ఇనుము మిశ్రమం. "అంచుల నుంచి లీకవుతోంది, పైగా ఎలక్ట్రాన్లు కొన్ని అయస్కాంతంలోంచే దూరిపోతున్నాయి" అన్న విమర్శలు వచ్చాయి. 1986లో వాటికి జవాబుగా, కొన్ని మైక్రాన్ల వెడల్పున్న వలయాన్ని మొత్తం నయోబియంతో కప్పి, దాని మీద రాగి పొర వేశారు. నయోబియం 9.2 కెల్విన్ కింద అతివాహకం అవుతుంది, దాంతో క్షేత్రం బయటికి రాలేదు. మందంగా ఉన్న పొరల వల్ల ఎలక్ట్రాన్ తరంగం లోపలి అయస్కాంతాన్ని చేరలేదు. రెండు తలుపులూ మూసేశారన్నమాట.

కొలిచింది ఎలక్ట్రాన్ హోలోగ్రఫీతో. ఫీల్డ్ ఎమిషన్ సూది నుంచి వచ్చే, పొందిక బాగా ఉన్న కిరణంలో ఒక సగం నమూనా మీదుగా వెళ్తుంది, ఇంకో సగం ఖాళీలోంచి వెళ్తుంది. వోల్టేజీ ఇచ్చిన సన్నటి పోగు, దాన్నే బైప్రిజం అంటారు, ఈ రెండు సగాల్నీ దగ్గరకి వంచి ఒకదాని మీద ఒకటి పడేలా చేస్తుంది. అప్పుడు వచ్చే సన్నటి పట్టీల ఫొటోయే హోలోగ్రామ్. దాన్ని తర్వాత లేజర్‌తో తిరిగి చదివితే నమూనా మీద ఏ బిందువు దగ్గర ఫేజ్ ఎంతో పటంలా వస్తుంది. ఆ పటంలో వలయం నల్లటి నీడలా కనిపిస్తుంది. చూడాల్సింది ఒక్కటే. వలయం బయట ఉన్న పట్టీలు, చిల్లులో కనిపించే పట్టీలతో ఒకే గీతలో ఉన్నాయా, లేక పక్కకి తప్పాయా?

లీకేజీ ఉంటే కూడా ఇదే పటం పట్టిస్తుంది. వలయం అంచుల దగ్గర పట్టీలు వంగుతాయి. లీకేజీ లేకపోతే బయట నేరుగా, చిల్లులో నేరుగా ఉంటాయి, మధ్యలో ఒక మెట్టు మాత్రమే ఉంటుంది. ఫేజ్ కిరణం దూరాన్ని బట్టి మారదని పైన అన్నది కంటికి కనిపించేది ఇక్కడే.

ఇప్పుడు అసలైన మలుపు. అతివాహకం చుట్టుముట్టిన ఫ్లక్స్ ఎంతైనా ఉండటానికి వీల్లేదు. అది h/2e కి పూర్ణాంక రెట్లే ఉండాలి, అంటే 2.07 × 10⁻¹⁵ వెబర్ చొప్పున. (1961లో డీవర్, ఫెయిర్‌బ్యాంక్ ఒకవైపు, డోల్, నాబౌర్ ఇంకోవైపు విడివిడిగా దీన్ని కనుక్కున్నారు.) 2e ఎందుకంటే అతివాహకంలో ఎలక్ట్రాన్లు జతలుగా తిరుగుతాయి. కానీ వలయం పక్క నుంచి వెళ్లే మన ఎలక్ట్రాన్ ఒంటరిది, దాని ఆవేశం e. ఒక h/2e ఫ్లక్స్ దానికి ఇచ్చే ఫేజ్ సరిగ్గా π. రెండు h/2e లు ఇచ్చేది 2π, అంటే ఏమీ జరగనట్టే. కాబట్టి నయోబియం చల్లబడ్డాక రెండే జవాబులు సాధ్యం: పట్టీలు అసలు తప్పకపోవడం, లేదా సరిగ్గా సగం పట్టీ తప్పడం.

అంకెలతో చూద్దాం. ఇవి లెక్క కోసం నేను తీసుకున్న కొలతలు. పెర్మల్లాయ్ పొర మందం 20 నానోమీటర్లు, వెడల్పు 1 మైక్రాన్, లోపల క్షేత్రం సుమారు 1 టెస్లా అనుకోండి. ఫ్లక్స్ 2 × 10⁻¹⁴ వెబర్. h/2e తో భాగిస్తే 9.67. గది ఉష్ణోగ్రత దగ్గర ఫేజ్ 9.67π, అందులో పూర్తి చుట్లు తీసేస్తే 1.67π. అంటే పట్టీలు పూర్తిగా కలవవు, సగానికీ తప్పవు, ఏదో మధ్యలో ఉంటాయి. ఇప్పుడు 9.2 కెల్విన్ కిందికి చల్లబరచండి. నయోబియంలో కరెంటు పుట్టి, తక్కువపడిన 0.33 వంతుని తనే కలిపి, మొత్తాన్ని 10 చేస్తుంది. ఫేజ్ 10π, అంటే పట్టీలు నేరుగా కలిసిపోతాయి. అదే పొర మందం 19 నానోమీటర్లయితే? 9.19 వస్తుంది, దగ్గరి పూర్ణాంకం 9, ఫేజ్ 9π, పట్టీలు సగానికి తప్పుతాయి. ఒక్క నానోమీటరు తేడాతో జవాబు తిరగబడింది! అందుకే ఒకేలా తయారైనట్టు కనిపించే వలయాల్లో కొన్ని 0 చూపిస్తాయి, కొన్ని π చూపిస్తాయి. తొనొమురా బృందం చిత్రాల్లో ఈ రెండు రకాలూ ఉన్నాయి.

మీ లీకేజీ అనుమానానికి దీనికంటే గట్టి జవాబు నాకు తెలియదు. లీకేజీ ఎంతైనా ఉండొచ్చు, అది ఇచ్చే ఫేజ్ 0.3π కావచ్చు, 1.1π కావచ్చు. చల్లబరచగానే 0 దగ్గరో π దగ్గరో ఆగిపోవాలన్న నియమం దానికి లేదు. ఆ నియమం ఉన్నది నయోబియం లోపల బందీగా ఉన్న మొత్తం ఫ్లక్స్‌కే. బయట తిరిగిన ఎలక్ట్రాన్, తను ఎప్పుడూ తాకని ఆ ఫ్లక్స్ సరిసంఖ్యా, బేసిసంఖ్యా అన్నది చెబుతోంది.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. అతివాహకంలో జతలు లేకుండా, ఆవేశం e ఉన్న కణాలే తిరుగుతుంటే, ఫ్లక్స్ h/e చొప్పున ఉండేది. ఫేజ్ ఎప్పుడూ 2π రెట్లే వచ్చేది. షీల్డ్ పరిపూర్ణంగా వేసిన ప్రతిసారీ పట్టీలు కలిసిపోయేవి, "చూశారా, ఏ ఎఫెక్టూ లేదు" అని అందరూ ఇంటికి వెళ్లిపోయేవారు.

ప్రయోగం చేసేవాళ్లకి ఒక మాట

షీల్డ్ ఒక్కటే సమస్య కాదు. చాలా ఏళ్ల కిందట నేను ఒక ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీద, ఇంత అధునాతనం కాని, ఒక చిన్న అయస్కాంత నమూనాని కొలిచేవాణ్ణి. చిల్లులో పట్టీలు చక్కగా తప్పాయి. రెండు రోజులు మేమందరం గాల్లో తేలాం. మూడో రోజు మా సీనియర్ ఒకాయన "నమూనాని బోర్లా తిప్పి పెట్టి చూశారా?" అని అడిగారు. తిప్పాం. పట్టీలు అదే దిక్కులో, అంతే దూరం తప్పాయి. దాంతో అంతా అయిపోయింది. అయస్కాంత ఫేజ్ అయితే నమూనా తిప్పగానే గుర్తు మారాలి, ప్లస్ మైనస్ అవ్వాలి. మారలేదంటే అది విద్యుత్తు వల్ల వచ్చిన ఫేజ్. చిల్లు అంచున ఏదో కరెంటు ప్రవహించని మురికి పట్టింది, కిరణం తగిలి దానికి ఆవేశం ఎక్కింది, దాని పొటెన్షియల్ ఎలక్ట్రాన్లని ప్రభావితం చేసింది.

రెండో పరీక్ష కూడా ఉంది. విద్యుత్ ఫేజ్ ఎలక్ట్రాన్ వేగాన్ని బట్టి మారుతుంది, eΦ/ħ మారదు. వేగవర్ధక వోల్టేజీ మార్చి మళ్లీ కొలిస్తే ఏది ఏదో విడిపోతుంది. వలయం మీది పై పొర లోహం కావడంలో ఈ లాభం కూడా ఉంది, ఆవేశం దాని మీద నిలవదు. ఇక పట్టీలు వాటంతటవే మెల్లగా అటూ ఇటూ నడుస్తుంటే ముందు బిల్డింగ్ లిఫ్టుని అనుమానించండి. మా టెన్షన్లలో సగం దానివల్లే.

A నిజమా?

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: "A నిజమని రుజువైంది" అన్నది సగం నిజం. ప్రయోగం కొలిచింది ఏ బిందువు దగ్గరా A విలువని కాదు. దారి చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగి A ని కూడితే వచ్చే మొత్తాన్ని, అది కూడా h/e పూర్తి రెట్లు తీసేశాక మిగిలినదాన్ని మాత్రమే కొలిచింది. గేజ్ మారిస్తే ప్రతి చోటా A మారుతుంది, ఈ మొత్తం మాత్రం మారదు.

ఎందుకు మారదో చూడటానికి షాపింగ్ మాల్ పార్కింగ్‌లో గుండ్రంగా పైకెక్కే ర్యాంప్ ఊహించుకోండి. పక్కన స్తంభాలున్నాయి. ప్రతి స్తంభం మీద ఎవరో ఒక గీత గీసి "ఇదే ఇక్కడ సున్నా ఎత్తు" అన్నారు. ఒక స్తంభం నుంచి పక్క స్తంభానికి వెళ్తే ఆ గీతల ప్రకారం ఎంత ఎక్కామన్నది A లాంటిది. మీకు నచ్చక ఒక స్తంభం మీద గీతని పది సెంటీమీటర్లు పైకి జరిపారు. దాని ముందు అంకె పది తగ్గుతుంది, తర్వాతి అంకె పది పెరుగుతుంది. చుట్టు మొత్తం మాత్రం అలాగే ఉంటుంది, ఒక అంతస్తు ఎత్తు. ఇంకా తెలివిగా, ర్యాంప్‌తో పాటే గీతల్ని కూడా ఎక్కించుకుంటూ పోతే ప్రతి అడుగులోనూ ఎక్కింది సున్నా అవుతుంది. కానీ చివరి స్తంభం నుంచి మొదటి స్తంభానికి వచ్చేసరికి ఒక్కసారిగా అంతస్తు మొత్తం తేడా బయటపడుతుంది. ర్యాంప్ అక్కడ ఉన్నంతకాలం ఆ అంతస్తుని ఎక్కడో ఒకచోట చూపించక తప్పదు.

సోలినాయిడ్ బయట జరిగేది ఇదే. అక్కడ B సున్నా కాబట్టి ఏ చిన్న ముక్కలోనైనా గేజ్ మార్చి A ని సున్నా చేసేయొచ్చు. కుడిపక్క దారి మీద చేయొచ్చు, ఎడమపక్క దారి మీద చేయొచ్చు. రెండిటి మీదా ఒకేసారి, మధ్యలో అతుకు లేకుండా చేయలేం. 1978లో బొక్కియేరి, లోయింగర్ "A ని గేజ్‌తో తీసేయొచ్చు కాబట్టి ఈ ఎఫెక్టే లేదు" అన్నప్పుడు జారిపోయింది ఈ అతుకు దగ్గరే. వాళ్లు వాడిన గేజ్ ప్రమేయానికి ఒక చుట్టు తిరిగొస్తే విలువ మారిపోతుంది.

1975లో వూ, యాంగ్ ఈ విషయాన్ని చక్కగా తేల్చి చెప్పారు. B ఒక్కటే చెబితే సమాచారం చాలదు, ఎందుకంటే బయట B సున్నా అన్నది తెలిసినా పట్టీలు ఎక్కడుంటాయో తెలియదు. ఫేజ్ పూర్తిగా చెబితే సమాచారం ఎక్కువైపోతుంది, ఎందుకంటే 2π తేడాలు ఎవరూ కొలవలేరు. సరిగ్గా సరిపోయేది చుట్టు మొత్తానికి వచ్చే ఈ ఫేజ్ గుణకం:

exp[(ie/ħ)∮A·dl]

నేనైతే సెమినార్‌లో "నిజం" అన్న మాట దీనికే ఇస్తాను. A ని అది రాయడానికి వాడే అనుకూలమైన భాష అంటాను. మీ గైడ్ ఒప్పుకోకపోవచ్చు. ఒక చిక్కు ఒప్పుకోవాల్సిందే: చుట్టు మొత్తం అన్నది ఏ ఒక్క చోటా ఉండదు, దారి అంతటా పరుచుకుని ఉంటుంది. "ఎలక్ట్రాన్‌కి ఎక్కడ, ఎప్పుడు ఫేజ్ వచ్చింది?" అని ఎవరైనా నిలదీస్తే చెప్పడానికి జవాబు ఉండదు.

బలమే లేదా అన్నదాని మీద ఇంకో వాదన వచ్చింది. ఎలక్ట్రాన్ వెళ్తూ సోలినాయిడ్‌ని కదిలిస్తుంది, సోలినాయిడ్ తిరిగి దాని మీద బలం చూపిస్తుంది, అందుకే ఒక పక్క ఎలక్ట్రాన్ ముందు, ఇంకో పక్కది వెనక పడుతుందని బోయర్ వాదించారు. అదే నిజమైతే ప్రయాణ సమయంలో తేడా రావాలి. 2007లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో కాప్రెజ్, బార్విక్, బటెలాన్ సోలినాయిడ్ పక్క నుంచి ఎలక్ట్రాన్ పల్స్‌లు పంపి సమయం కొలిచారు. ఆ ఆలస్యం లేదు. అయితే ఆ ప్రయోగంలో పట్టీలు చూడలేదు, సమయం మాత్రమే చూశారు. తొనొమురా పట్టీలు చూశారు, సమయం చూడలేదు. రెండిటినీ కలిపి అర్థం చేసుకోవాలని సెమినార్‌లో ఎవరైనా అడిగితే చెప్పండి.

ఇంకా తేలని భాగం కూడా ఉంది. 2012లో వైద్‌మన్, సోలినాయిడ్‌ని కూడా క్వాంటమ్ వస్తువుగానే చూస్తే, ఎలక్ట్రాన్ క్షేత్రం దాని లోపలి ఆవేశాలని తాకడం ద్వారానే ఫేజ్ మొత్తం వస్తుందని, పొటెన్షియల్ అవసరమే లేదని వాదించారు. అహరోనోవ్, ఇంకొందరు దాన్ని ఒప్పుకోలేదు. ఇక్కడ 1986 ప్రయోగం మళ్లీ ముందుకొస్తుంది. నయోబియం లోపలి క్షేత్రాన్ని బయటికి రానివ్వకపోవడమే కాదు, బయటి ఎలక్ట్రాన్ అయస్కాంత క్షేత్రాన్ని లోపలి పెర్మల్లాయ్‌కి చేరనివ్వదు కూడా. అయినా π వచ్చింది. వైద్‌మన్ తరహా జవాబు నిలబడాలంటే, ఎలక్ట్రాన్‌ని గమనించింది పెర్మల్లాయ్ కాదు, నయోబియం ఉపరితలం మీది అతివాహక కరెంటే అని చూపించాలి. మీ సెమినార్‌లో ప్రశ్నల సమయం మిగిలితే చర్చని ఇక్కడికి తీసుకురండి. గేజ్ గురించి గంటసేపు వాదించుకోవడం కంటే ఇది ఆసక్తిగా ఉంటుంది.